రోడ్డు మీద పోయే మనిషి కొట్టులోకి ఎలా వస్తాడు?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



టీచరమ్మను కదా, చదువు గురించే మాట్లాడతానని మీరంతా అనుకుని ఉంటారు. కార్యదర్శిగారు కూడా అదే అడిగారు. ఈసారికి ఒక కొట్టు గురించి మాట్లాడనివ్వమని నేనే కోరాను. మీ సొమ్ముతో తెరిచిన కొట్టు అది. నిరుడు మూతపడే దాకా వచ్చింది. సరుకు బాగుంది, ధర న్యాయంగా ఉంది, నడిపే మనిషి మంచిది. అయినా రోడ్డు మీద మనిషి లోపలికి రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో నేర్చుకున్నది మీ ముందు పెడతాను.

మా నాన్న గుంటూరు పట్నం బజారులో ఒక బట్టల కొట్టులో గుమాస్తాగా పనిచేశారు. మా తమ్ముడు కొట్లకు అరలు, కౌంటర్లు చేసే వడ్రంగి. కాబట్టి ఈ సంగతి నాకు పూర్తిగా కొత్త కాదు.

నాన్న పనిచేసిన కొట్టు పాత పద్ధతిది. చెప్పులు బయట విడిచి, తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుంటే గుమాస్తా ఒక్కొక్క తాను విప్పి చూపేవాడు. పెళ్లి బట్టలకు బండి కట్టుకుని వచ్చినవాళ్లు ఏ కొట్టుకు పోవాలో ఇంటి దగ్గరే అనుకుని వచ్చేవాళ్లు. చీరాల ఎం.జి.సి. మార్కెట్‌కు ఇవాళ పోయేవాళ్లూ అంతే. చిన్న బొంబాయి అని పేరుపడిన ఊరు, బట్టలు కొనాలనే రైలు దిగుతారు. అలాంటి చోట కొట్టు ముందుభాగం ఎలా ఉన్నా గడిచిపోతుంది. కానీ మనం పెట్టించే కొట్లకు ఆ పేరు లేదు. బస్టాండు నుంచి ఇంటికో, కూరగాయలకో పోతున్న మనిషి దారిలో చూసి, అనుకోకుండా ఎక్కాలి. ఆ మనిషికి పాత కొట్టు కట్టుబాట్లు పనికిరావు.

ఇక అసలు కొట్టు సంగతి. ఊరి పేరు, మనిషి పేరు చెప్పను. చిలకలూరిపేట, నరసరావుపేట వైపు ఉన్న ఒక ఊరు అనుకోండి. భర్త పోయిన ఒక చెల్లెలు, ఇద్దరు పిల్లలు. వడ్డీలేని అప్పుగా సొసైటీ ఇచ్చిన డబ్బుతో మ్యాచింగ్ సెంటర్ పెట్టింది. జాకెట్టు ముక్కలు, లైనింగులు, చీర ఫాల్స్, లంగాలు, నైటీలు, చంటిపిల్లల బట్టలు. ఒక షట్టర్ గది. లోపలి వెడల్పు తొమ్మిది అడుగులు, పొడవు పద్దెనిమిది. బస్టాండు నుంచి మార్కెట్‌కు పోయే దారిలోనే ఉంది. రోడ్డు నిండా జనం. మిరపకాయల డబ్బులు చేతికొచ్చే నెలల్లో పల్లెల నుంచి కుటుంబాలు దిగుతాయి. అయినా సాయంత్రానికి గల్లాపెట్టెలో చిల్లర తప్ప ఏమీ లేదు.

నేను మొదట చేసింది ఒకటే. ఎదురుగా టీ కొట్టు దగ్గర కుర్చీ వేసుకుని మూడు సాయంత్రాలు కూర్చున్నాను. నోటుబుక్కులో నాలుగు గళ్లు గీశాను. దాటిపోయినవాళ్లు, తల తిప్పి చూసినవాళ్లు, ఆగినవాళ్లు, ఎక్కినవాళ్లు. బడిలో హాజరు వేసినట్టే గీతలు పెట్టాను. మొదటి గడి నిండిపోయింది. రెండో గడిలో సగం కూడా లేవు. మూడో గడిలో కొన్ని. నాలుగో గడిలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. సరుకు మీద తప్పు పెట్టే ముందు ఈ నాలుగు గళ్లు చూడాలి. జనం ఏ గడి దగ్గర రాలిపోతున్నారో రోగం అక్కడుంది. ఇక్కడ రెండు చోట్ల రాలిపోతున్నారు. చూడకుండా పోవడం ఒకటి, చూసి ఆగి కూడా ఎక్కకపోవడం రెండోది.

ముందు చూడకపోవడం సంగతి. మనం బోర్డు రాయించేటప్పుడు రోడ్డుకు అవతల నిలబడి, బాగుంది అనుకుంటాం. నడిచే మనిషి అక్కడ నిలబడడు. గోడ వెంట పోతాడు. మామూలు నడకలో మనిషి సెకనుకు దాదాపు నాలుగడుగులు పోతాడు. అంటే తొమ్మిదడుగుల కొట్టు అతనికి రెండు సెకన్ల పైచిలుకు. షట్టర్ పైన పదడుగుల ఎత్తున ఉన్న బోర్డు నెత్తిమీద ఉంటుంది, కనపడదు. కొట్టు ముందుభాగం పక్కనుంచి చూసేవాడికి సన్నటి గీతలా కనపడుతుంది. కాబట్టి వచ్చేవాడి ముఖానికి ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి.

మేం రెండు పనులు చేశాం. గోడకు అడ్డంగా, రెండు వైపులా అక్షరాలున్న చిన్న బోర్డు ఒకటి, ఎనిమిదడుగుల ఎత్తున, మా అరుగు హద్దు దాటకుండా పెట్టించాం. రెండోది ఏటవాలు పలక. రోడ్డు మీద నిలబడి కొట్టును చూస్తే బస్టాండు ఎడమవైపు ఉంది. జనం ఎక్కువగా అటునుంచే వస్తారు. అందుకని కుడివైపు చివర, షట్టర్‌కు లోపలగా, రెండడుగుల వెడల్పు పలకను బస్టాండు వైపు తిరిగేట్టు నిలబెట్టాం. దాని మీద మూడే వస్తువులు తగిలించాం. ఒక నైటీ, ఒక పిల్లల గౌను, ఒకే రంగులో లేతనుంచి ముదురుదాకా ఆరు జాకెట్టు ముక్కలు. ప్రతిదాని కింద ధర పెద్ద అంకెల్లో రాశాం. ధర కనపడకపోతే అడగాలి, అడిగితే కొనాలేమోనని మన ఆడవాళ్లకు బెదురు. వారానికోసారి ఆ మూడూ మార్చాలి. రోజూ ఆ దారిన పోయే మనిషి కన్ను మారనిదాన్ని గోడ కిందే లెక్కేస్తుంది.

అంతకుముందు ఏముండేదో చెబుతాను. షట్టర్ వెడల్పంతా నైటీలు, దుపట్టాలు తోరణంలా వేలాడుతుండేవి. సరుకు చూపిస్తున్నానని ఆ చెల్లెలు అనుకుంది. నిజానికి అది పరదా. దాని వెనక ఏముందో, ఎవరున్నారో కనపడదు. దానికి తోడు పడమటి ఎండకు కట్టిన పచ్చ వల ఛాతీ ఎత్తుకు దిగి ఉంది. వంగి లోపలికి పోవాల్సిన కొట్టులోకి ఎవరు పోతారు? వల అంచును ఏడడుగులకు పైకి లేపాం. తోరణం తీసేశాం.

ఇక ఆగి కూడా ఎక్కకపోవడం. దీనికి మూడు కారణాలు దొరికాయి. మెట్టు, చీకటి, ఎదురుగా కూర్చున్న మనిషి.

మన ఊళ్లల్లో సైడు కాలువ పొంగుతుందని అరుగు ఎత్తు కడతారు. ఈ కొట్టు అరుగు రెండడుగుల ఎత్తు. మధ్యలో రెండు రాళ్లు వేశారు. అంటే ఎనిమిదేసి అంగుళాల చొప్పున మూడుసార్లు ఎక్కాలి. అదీ నున్నటి కడప రాయి, పాదంలో సగమే పట్టేంత ఇరుకు. చంకలో బిడ్డ, చేతిలో సంచి, కాళ్ల దాకా బురఖా ఉన్న మనిషి దాన్ని చూసి మనసులోనే మానుకుంటుంది. ఎందుకు మానుకుందో ఆమెకే తెలియదు. అడిగితే, తర్వాత వస్తాను అంటుంది.

సిమెంటుతో మెట్లు కడదామంటే కాలువ మూసుకుపోతుంది, రేపు మున్సిపాలిటీ వాళ్లు కొట్టేస్తారు. అది న్యాయమే. అందుకని గీతల ఇనుప రేకుతో విడి మెట్లు చేయించాం. నాలుగడుగుల వెడల్పు, ఒక్కో ఎక్కు ఆరంగుళాలు, కాలు పెట్టే చోటు నిండా ఒక అడుగు. ఇప్పుడు నాలుగుసార్లు ఎక్కాలి. ఒక ఎక్కు పెరిగింది కానీ భయం తగ్గింది. ఒక పక్కన పట్టుకోవడానికి గొట్టం. రెండు ముక్కలుగా చేయించాం కాబట్టి రాత్రి ఎత్తి లోపల పెట్టుకోవచ్చు, కాలువ తీసేవాళ్లకు అడ్డం ఉండదు. కాళ్లు ఊగకుండా రబ్బరు ముక్కలు వేయించాం. ఊగే మెట్టు ఎత్తైన మెట్టుకంటే చెడ్డది.

రెండోది చీకటి. మీరు అంటారు, నాలుగు ట్యూబులైట్లు ఉన్నాయి కదా అని. ఉన్నాయి. కానీ పట్టపగలు మన గుంటూరు ఎండలో నడిచి వచ్చిన కంటికి ట్యూబులైటు గది గుహలాగే కనపడుతుంది. బయటి వెలుగు లోపలి వెలుగుకంటే ఎన్నో పదుల రెట్లు ఎక్కువ. దాన్ని దీపాలతో గెలవలేం. చేయగలిగింది వేరే ఉంది. లోపల ఉన్న వెలుగునంతా వెనక గోడ మీద పోయాలి. మనిషి చూపు చీకటిని దాటి వెలుగున్న చోటికి పోతుంది, కాలు చూపు వెనక పోతుంది. వెనక గోడకు తెల్ల రంగు వేసి, పసుపు, ఎరుపు, ముదురు గులాబీ నైటీలు అక్కడ తగిలించి, రెండు లైట్లు వాటి మీదికి తిప్పాం. లైటు రోడ్డు వైపు చూడకూడదు, సరుకు వైపు చూడాలి. రోడ్డు వైపు చూసే లైటు కళ్లల్లో కొడుతుంది, దాని వెనక ఏమీ కనపడదు. ఎవరో ఏసీ పెట్టి అద్దం తలుపు బిగించమన్నారు. పగటిపూట ఆ అద్దంలో రోడ్డే కనపడుతుంది, కొట్టు కనపడదు. పైగా తలుపు తోయడం ఇంకో గడప. వద్దన్నాం.

మూడోది కౌంటర్. ఆరడుగుల అద్దాల కౌంటర్ గుమ్మానికి అడ్డంగా ఉంది. వెనక ఆ చెల్లెలు రోడ్డు వైపు చూస్తూ కూర్చునేది. ఎవరైనా ఆగితే వెంటనే లేచి, రండమ్మా ఏం కావాలి అనేది. మర్యాదే. కానీ ఏం కావాలో ఇంకా తెలియని మనిషికి ఆ ప్రశ్న పరీక్ష. జవాబు లేక వెళ్లిపోతుంది. బడిలో కూడా అంతే. కొత్త పిల్లవాడు గుమ్మంలో నిలబడితే వెంటనే ప్రశ్న అడిగే టీచరు వాణ్ణి పారిపోయేట్టు చేస్తుంది. నాలుగు నిమిషాలు వదిలేస్తే వాడే బల్ల చూసుకుని కూర్చుంటాడు.

కౌంటర్‌ను నాలుగడుగులకు కోయించి, కుడి గోడ పక్కన, గుమ్మానికి పదకొండడుగుల లోపలికి జరిపాం. ఆమె ఎడమ గోడ వైపు చూస్తూ కూర్చుంటుంది. కొద్దిగా మెడ తిప్పితే గుమ్మం కనపడుతుంది. వచ్చినవాళ్లకు సలాం, లేకపోతే నమస్తే చెప్పి, చూడండమ్మా అని తన పని తాను చేసుకోమన్నాను. చేతిలో మడత పెట్టే బట్ట ఏదో ఒకటి ఉండాలి. ఊరికే చూస్తూ కూర్చున్న మనిషి కంటే పనిలో ఉన్న మనిషి దగ్గరికి పోవడం తేలిక.

ఇప్పుడు మనిషి గుమ్మం దాటింది. లోపల ఎలా నడుస్తుంది?

అమెరికాలో పాకో అండర్‌హిల్ అనే ఆయన ఏళ్ల తరబడి దుకాణాల్లో మనుషుల నడకను గమనించి 1999లో ఒక పుస్తకం రాశారు. అందులో రెండు సంగతులు మన చిన్న కొట్టుకు బాగా పనికొచ్చాయి. మొదటిది, గుమ్మం దాటిన మొదటి కొన్ని అడుగుల్లో మనిషి ఏదీ చూడదు. కళ్లు సర్దుకోవాలి, నడక నెమ్మదించాలి. అక్కడ పెట్టిన సరుకు దండగ. రెండోది, వంగి సరుకు చూస్తున్న మనిషిని వెనకనుంచి ఎవరైనా రాసుకుంటూ పోతే, ముఖ్యంగా ఆడవాళ్లు, ఎంత ఇష్టమైన వస్తువునైనా వదిలి కదిలిపోతారు. ఒక పెద్ద దుకాణంలో గుమ్మం దగ్గరి నెక్‌టైల స్టాండు దగ్గర ఆయన దీన్ని చూశారు. మన సంతలో ఇది తెలియని ఆడమనిషి ఉందా? పేరు పెట్టింది మాత్రం ఆయన.

అందుకని మొదటి నాలుగడుగులు ఖాళీగా వదిలేశాం. ఆ చెల్లెలికి మనసొప్పలేదు. అద్దె కట్టే చోటును ఖాళీగా వదలడమా అంది. కానీ మ్యాచింగ్ సెంటర్‌లో జరిగేది ఆలోచించండి. చీర తెచ్చిన ఏ మనిషైనా జాకెట్టు ముక్కను లైటు కింద నమ్మదు. రెంటినీ పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చి పగటి వెలుగులో పెట్టి చూస్తుంది. ఇన్నాళ్లూ కౌంటర్ పక్కనుంచి దూరి, మెట్ల మీద నిలబడి చూసేవాళ్లు. ఇప్పుడు ఆ ఖాళీ దానికే. పలక వెనక ఒక నిలువుటద్దం కూడా పెట్టాం. అక్కడ ఒక మనిషి చీర భుజాన వేసుకుని చూసుకుంటుంటే రోడ్డు మీది వాళ్లకు కనపడుతుంది. కొట్టులో మనుషులున్నారని తెలియడం కంటే పెద్ద బోర్డు లేదు. ఖాళీ చోటు అద్దె తానే కడుతోంది.

ఇక్కడ మేం చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఖాళీ తర్వాత మధ్యలో పిల్లల బట్టలకు ఒక బల్ల వేశాం. ఇంట్లో ఉన్న మూడడుగుల బల్ల. రెండు పక్కలా అరలు అడుగేసి లోతు పోగా మిగిలింది ఏడడుగులు. బల్ల పోగా ఒక్కో పక్కన రెండడుగులు. వారం రోజులు చూశాను. ఒకామె ఎడమ అర దగ్గర నిలబడితే రెండో ఆమె వెనక్కి తిరిగి పోయేది. వెనక గోడ దాకా ఎవరూ చేరలేదు. మా తమ్ముడు ఆ బల్లను తీసేసి అడుగున్నర వెడల్పు, నాలుగడుగుల పొడవుది చేశాడు. ఇప్పుడు రెండు పక్కలా రెండడుగుల తొమ్మిదంగుళాలు. అది కూడా ధారాళం కాదు, ఒకరు ఒదిగితే ఒకరు పోవచ్చు. ఎత్తు రెండున్నర అడుగులే ఉంచాం, దాని మీదుగా వెనక గోడ కనపడాలి.

ఏది ఎక్కడ పెట్టాలన్నది చివరి ప్రశ్న. జనం కావాలని అడిగి వచ్చేవి ఫాల్స్, లైనింగులు, దారాలు. వాటిని కౌంటర్ పక్కన లోపలికి పెట్టాం. జాకెట్టు ముక్కలు ఎడమ గోడకు, రంగుల వరసలో. ఫాల్ కోసం వచ్చిన మనిషి రంగుల గోడ వెంట నడిచి, వెనక నైటీలు చూసి, కౌంటర్ దగ్గర తనకు కావలసింది తీసుకుని, బల్లకు రెండో పక్కనుంచి పిల్లల గౌన్లు చూస్తూ బయటికి వస్తుంది. పోయిన దారినే తిరిగి రాదు. ఎవరూ బలవంతం చేయలేదు. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ అనే కొట్టు తెరిచాడు. గుమాస్తా లేకుండా జనమే సరుకు తీసుకునే పద్ధతి. కొన్నా కొనకపోయినా కొట్టంతా తిరిగితేగానీ బయట పడకుండా దారి కట్టాడు. పెద్ద కొట్టుకు అది చెల్లింది. తొమ్మిదడుగుల కొట్టులో అలా చేస్తే దారం రీలు కోసం వచ్చిన ముసలమ్మ రెండోసారి రాదు. దారి చూపాలి, కంచె కట్టకూడదు. తొందరగా ఉన్న మనిషికి కుడిపక్కనుంచి నేరుగా కౌంటర్‌కు పోయే వీలుంచాం.

ఇదంతా పనిచేస్తోందా లేదా ఎలా తెలుస్తుంది? మన ఊళ్లల్లో దుమ్ముకు కొదవ లేదు. ఒక వారం అరలు తుడవకుండా ఉండమన్నాను. వారం తర్వాత చూస్తే ఎక్కడ దుమ్ము చెదరలేదో అక్కడికి చెయ్యి పోలేదని అర్థం. మోకాలి కింది అరల్లోనూ, తల పైన అరల్లోనూ దుమ్ము అలాగే ఉంది. అక్కడ నిల్వ సరుకు పెట్టి, అమ్మాల్సింది నడుము నుంచి కంటి ఎత్తు దాకా తెచ్చాం. ఆ తర్వాత నేను మళ్లీ టీ కొట్టు దగ్గర కూర్చుని అదే వారాల్లో, అదే గంటల్లో గీతలు పెట్టాను. నాలుగో గడి మొదటిసారి కంటే రెండింతలు దాటింది. ఎక్కిన వాళ్లంతా కొనలేదు. కానీ అప్పు వాయిదా ఇప్పుడు నెలనెలా వస్తోంది, మన కోశాధికారిగారు ఇక్కడే ఉన్నారు.

నష్టం కూడా చెప్పాలి. కౌంటర్ లోపలికి పోయిన మొదటి నెలలో రెండు జాకెట్టు ముక్కలు, ఒక గౌను పోయాయి. వెనక మూలలో ఒక గుండ్రటి అద్దం పెట్టి, ఖరీదైన లేసులను కౌంటర్ అద్దం కిందికి మార్చాక తగ్గింది. ఇంకో సంగతి. ఈ మార్పులు జనం ఉన్న రోడ్డు మీదే పనిచేస్తాయి. మొదటి గడే ఖాళీగా ఉంటే, అంటే దాటిపోయేవాళ్లే లేకపోతే, మెట్లూ లైట్లూ ఏమీ చేయలేవు. అప్పుడు గది మార్చడమే మందు. ఎక్కి, చూసి, ధర చదివి, కొనకుండా దిగిపోతున్నారంటే అది సరుకుదో ధరదో అయిన జబ్బు. దానికి నా నోటుబుక్కులో మందు లేదు.

దాతలకు నా విన్నపం రెండే మాటలు. ఇప్పటిదాకా మనం ఇచ్చే డబ్బంతా సరుకుకు, అడ్వాన్సుకు పోతోంది. ఈ కొట్టులో మెట్లకు, లైట్లకు, బల్లకు, కౌంటర్ కోయించడానికి అయిన ఖర్చు ఒక మూట నైటీల ఖరీదుకంటే తక్కువ. ఆ ఒక్క మూట తగ్గించి, ఆ సొమ్మును ముందుభాగానికి కేటాయించండి. రెండోది, ఇకమీదట ఏ గదికైనా అడ్వాన్సు ఇచ్చే ముందు మనలో ఒకరు ఎదురుగా ఒక సాయంత్రం కూర్చుని గీతలు పెట్టాలి. టీ డబ్బులు నేనిస్తాను. నోటుబుక్కు కూడా నా దగ్గరే ఉంది, ఇంకా సగం పేజీలు మిగిలాయి.

సెలవు.